కుక్క పొట్ట మీద చీము పొక్కులు: ఐదో రోజునే మందు ఎందుకు ఆపకూడదు?

కుక్క వెల్లకిలా పడుకున్నప్పుడు దాని పొట్టను, తొడల లోపలి భాగాన్ని ఒకసారి గమనించండి. అక్కడ వెంట్రుకలు పలచగా ఉంటాయి కాబట్టి చర్మ వ్యాధులు చాలాసార్లు ముందుగా అక్కడే కంటపడతాయి. ఎర్రటి చిన్న పొక్కులు, వాటి కొసన పసుపుపచ్చని చీము కనిపిస్తే అది చాలావరకు బాక్టీరియా వల్ల వచ్చే పయోడెర్మా. కుక్కలో ఈ పొక్కు పైపొర చాలా పలచన, త్వరగా చితికిపోతుంది. అందుకే పొక్కుల కన్నా అవి పగిలి ఎండిన పెచ్చులు, అంచున పొలుసు లేచిన గుండ్రటి మచ్చలే ఎక్కువగా కనిపిస్తాయి. వాటిని తామర అనుకుని పూతమందు రాసేవారు చాలామంది ఉన్నారు.

దీనికి ముఖ్య కారణం స్టఫైలోకాకస్ సూడింటర్మీడియస్ అనే బాక్టీరియా. దీన్ని ప్రత్యేక జాతిగా గుర్తించింది 2005లోనే. విశేషమేమిటంటే ఇది బయటి నుంచి వచ్చిన శత్రువు కాదు. ఆరోగ్యంగా ఉన్న కుక్క ముక్కులో, నోటిలో, మలద్వారం చుట్టూ కాపురముంటుంది. ఫ్లీ పురుగుల కాటు, అలర్జీ, థైరాయిడ్ లోపం వంటివి చర్మాన్ని బలహీనపరచినప్పుడు వెంట్రుకల కుదుళ్లలోకి దిగి పెరుగుతుంది.

మా ఇంటి కుక్క బరువు 12 కిలోలు. పశువైద్యురాలు పగిలిన పొక్కుకు గాజు పలకను అద్ది, రంగు వేసి మైక్రోస్కోపులో చూశారు. తెల్ల రక్తకణాల లోపల గుండ్రటి బాక్టీరియా కనిపించింది. సెఫలెక్సిన్ 250 మిల్లీగ్రాముల గుళికలు పూటకొకటి చొప్పున రోజుకు రెండు, 14 రోజులకు మొత్తం 28 రాసిచ్చారు. అంటే కిలో బరువుకు పూటకు సుమారు 21 మిల్లీగ్రాములు. కుక్కలకు మామూలుగా ఇచ్చే 15 నుంచి 30 మిల్లీగ్రాముల మోతాదులోనే ఉంది. మందు అయిపోక ముందే, 13వ రోజున మళ్లీ తీసుకురమ్మన్నారు.

ఐదో రోజుకు గోకడం తగ్గింది, పొక్కులు ఎండిపోయాయి. నేను మందు ఆపేశాను. 18 గుళికలు మిగిలాయి. మూడు వారాలు తిరక్కముందే పొట్ట మీదే కాక పక్కలకు కూడా పొక్కులు వచ్చాయి.

నా పొరపాటు లెక్కలో ఉంది. ఎరుపు, వాపు, చీము అనేవి బాక్టీరియాకు శరీరం చూపే ప్రతిస్పందన. బాక్టీరియా సంఖ్య బాగా పడిపోగానే ఆ గుర్తులు సద్దుమణుగుతాయి. అంటే కంటికి చర్మం నయమైనట్టు కనిపించే సమయానికి కుదుళ్ల అడుగున కొన్ని బతికే ఉండవచ్చు. వెయ్యింటిలో 999 చచ్చి ఒక్కటే మిగిలిందనుకుందాం. అది పదిసార్లు రెట్టింపైతే చాలు, మళ్లీ వెయ్యి దాటుతుంది. పైగా సెఫలెక్సిన్ పని చేయాలంటే రక్తంలో అది తగినంత మేర ఎక్కువసేపు నిలవాలి. కుక్క శరీరం కొద్ది గంటల్లోనే దాన్ని చాలావరకు బయటికి పంపేస్తుంది. ఒక పూట మరిచిపోతే బాక్టీరియాకు ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరికినట్టే.

మందు మధ్యలో ఆపితే మిగిలిన బాక్టీరియా దాన్ని తట్టుకోవడం నేర్చుకుంటుందని తరచూ చెబుతుంటారు. అసలు సంగతి కొంచెం వేరు. గుళిక పొట్ట చర్మానికే కాదు, పేగుకు, నోటికి, ముక్కుకు కూడా చేరుతుంది. అక్కడి బాక్టీరియాలో ఎక్కడో ఒక దానికి మెక్ఎ అనే జన్యువు ఉంటే, సెఫలెక్సిన్‌తో పాటు దాని కుటుంబపు మందులేవీ దానిపై దాదాపు పనిచేయవు. తక్కినవి చచ్చిపోతాయి, అది ఖాళీ స్థలంలో విస్తరిస్తుంది. మందు వాడిన ప్రతిసారీ ఈ ఏరివేత జరుగుతుంది. సగంలో ఆపితే వ్యాధి తిరగబెట్టి రెండో కోర్సు, మూడో కోర్సు అవసరమవుతాయి. అసలు నష్టం అక్కడుంది.

అందుకే రెండోసారి వైద్యురాలు చీమును కల్చర్ పరీక్షకు పంపారు. అదృష్టవశాత్తు సెఫలెక్సిన్ ఇంకా పనిచేసే రకమే. ఈసారి 13వ రోజున చూస్తే చర్మం దాదాపు మామూలుగా ఉంది కానీ పలక మీద అక్కడక్కడా బాక్టీరియా కనిపించింది. ఇంకో వారం పొడిగించారు. కోర్సు ముగిసిందని చెప్పాల్సింది డబ్బాలో గుళికల లెక్క కాదు, ఆ పరీక్ష. వారానికి రెండుసార్లు క్లోర్‌హెక్సిడిన్ షాంపూ పట్టించి పది నిమిషాలు ఉంచి కడగమన్నారు. పైపై పయోడెర్మాకు ముందు షాంపూ వైద్యమే ప్రయత్నించి, గుళికలను అవసరమైతేనే వాడమని ఇటీవలి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మిగిలిపోయిన పాత గుళికలను మాత్రం సొంతంగా వేయొద్దని ఆమె గట్టిగానే చెప్పారు.

ఆ రోజే సన్న పళ్ల దువ్వెనతో తోక మొదట్లో దువ్వితే నల్లటి పొడి రాలింది. తడి దూది మీద వేయగానే ఎర్రగా కరిగింది. అది ఫ్లీల విసర్జన, అందులోది కుక్క రక్తమే. మొదటిసారి మేం ఆ దువ్వెన పట్టనే లేదు. గుళికలతో పాటు ఫ్లీల మందు కూడా మొదలుపెట్టాం.