ఫ్రీ ట్రయల్ గడువు, ఏడాది చందా: డబ్బు కట్ కాకముందే రద్దు చేయడం

సమస్య

విజయవాడకు చెందిన ఒక ఉపాధ్యాయిని కూతురి కోసం మార్చి 3న ఇంగ్లిష్ నేర్పే యాప్‌లో ఏడు రోజుల ఫ్రీ ట్రయల్ తీసుకున్నారు. యాప్ కూతురి ఫోన్‌లో ఉంది, ఆటోపేకు అనుమతి మాత్రం తల్లి యూపీఐ నుంచి ఇచ్చారు. అప్పుడు రెండు రూపాయలే కట్ అయ్యాయి. పాఠాలు నచ్చక 7వ తేదీన యాప్‌ను ఫోన్ నుంచి తీసేశారు. అయినా 10వ తేదీన ఏడాది చందా కింద రూ.1,499 పోయింది. బ్యాంకు స్టేట్‌మెంట్ వెతికితే, ఎప్పుడో వాడడం మానేసిన ఫొటో ఎడిటింగ్ యాప్‌కు నవంబరు 22న రూ.999 వెళ్లినట్టు కూడా తేలింది. యాప్ తీసేసినా డబ్బు ఎందుకు కట్ అయింది, పోయిన సొమ్ము తిరిగి వస్తుందా, ఇకపై ఇలా జరగకుండా ఏం చేయాలి అన్నవి ఆమె ప్రశ్నలు.

సలహా

ఫోన్‌లోంచి యాప్‌ను తీసేయడం వేరు, చందాను రద్దు చేయడం వేరు. ట్రయల్ మొదలుపెట్టినప్పుడు రెండు విషయాలు నమోదవుతాయి. ఒకటి, యాప్ సంస్థ దగ్గర లేదా ప్లే స్టోర్‌లో ఉండే చందా. రెండోది, ఫలానా సంస్థ ఖాతాలోంచి డబ్బు తీసుకోవచ్చని బ్యాంకుకు ఇచ్చిన ఆటోపే అనుమతి. దీన్నే మాండేట్ అంటారు. ఈ రెండూ ఫోన్‌లో ఉండవు కనుక యాప్‌ను తొలగించినా అలాగే కొనసాగుతాయి. ఈ ఉపాధ్యాయిని విషయంలో జరిగింది ఇదే.

రద్దు చేయాల్సిన చోటు ముందే తెలిసి ఉండాలి. ప్లే స్టోర్ ద్వారా తీసుకున్న చందాను స్టోర్‌లో ప్రొఫైల్ బొమ్మ నొక్కి, Payments & subscriptions, ఆపైన Subscriptions లోకి వెళ్లి ఆపాలి. ఐఫోన్‌లో Settings తెరిచి, పైన కనిపించే పేరు నొక్కితే Subscriptions వస్తుంది. నేరుగా వెబ్‌సైట్‌లో తీసుకున్నది ఈ రెండు చోట్లా కనిపించదు. ఆ సైట్‌లోని ఖాతాలోకే వెళ్లాలి. ఇళ్లలో తరచూ జరిగే పొరపాటు ఇంకొకటి ఉంది. కూతురి జీమెయిల్‌తో తీసుకున్న చందా తల్లి ఫోన్‌లోని జాబితాలో కనిపించదు. జాబితా ఖాళీగా ఉంటే చందా లేదనుకోకుండా, దాన్ని ఏ ఈమెయిల్‌తో తీసుకున్నారో చూసుకోవాలి.

చందాను ఆపాక యూపీఐ యాప్‌లోని ఆటోపే విభాగంలో మాండేట్ కూడా రద్దయిందా అని చూడాలి. మిగిలి ఉంటే అక్కడే రద్దు చేయవచ్చు. మాండేట్ ఒక్కదాన్నే ఆపితే డబ్బు కట్ కావడం ఆగవచ్చు కానీ, సంస్థ లెక్కల్లో చందా బతికే ఉంటుంది. అందుకే ముందు చందా, తర్వాత మాండేట్ అన్న వరుస మంచిది.

ఇక తేదీల సంగతి. ట్రయల్ ఒప్పుకునే తెరపైనే మొదటి చెల్లింపు ఎప్పుడో రాసి ఉంటుంది. వేళ్ల మీద లెక్కపెట్టే బదులు ఆ తేదీనే రాసుకోవాలి, వీలైతే ఆ తెరను స్క్రీన్‌షాట్ తీసుకోవాలి. మార్చి 3న మొదలైన ఏడు రోజుల ట్రయల్‌కు 10న డబ్బు కట్ అవుతుంది. రిమైండర్‌ను 10కి పెడితే అది మోగేసరికి సొమ్ము పోయి ఉండవచ్చు. ట్రయల్ ముగియడానికి కనీసం 24 గంటల ముందే రద్దు చేయాలని ఆపిల్ చెబుతుంది. ఏ సంస్థకైనా రెండు రోజుల గడువు ఉంచుకోవడం క్షేమం. అంటే ఇక్కడ రిమైండర్ తేదీ మార్చి 8. పాస్‌వర్డ్ గుర్తులేకపోయినా, ఆరోజు సైట్ పనిచేయకపోయినా ఇంకో రోజు చేతిలో ఉంటుంది.

రిమైండర్‌లో యాప్ పేరొక్కటే రాస్తే చాలదు. ‘ఇంగ్లిష్ యాప్ ఈరోజే రద్దు చేయాలి, పాప జీమెయిల్, ప్లే స్టోర్, లేకపోతే 10న రూ.1,499’ అని పూర్తిగా రాయాలి. మోగే వేళ కూడా ఫోన్ చేతిలో తీరికగా ఉండే సమయమై ఉండాలి. బడిలో పాఠం చెబుతుండగా మోగిన రిమైండర్‌ను పక్కకు నెట్టేయడం సహజం.

చాలా చందాలను ట్రయల్ తీసుకున్న రోజే రద్దు చేసినా గడువు ముగిసేదాకా వాడుకోవచ్చు. అలాంటివాటికి రిమైండరే అక్కర్లేదు. కొన్ని సేవలు మాత్రం రద్దు చేసిన క్షణమే ఆగిపోతాయి. రద్దును ఖాయం చేసే తెరపై ఎప్పటిదాకా వాడవచ్చో రాసి ఉంటుంది. అది చదివాకే బటన్ నొక్కాలి.

ఏడాది చందాకు రెండు రిమైండర్లు కావాలి. నెల రోజుల ముందు వచ్చేది కొనసాగించాలా వద్దా అని తేల్చుకోవడానికి; మూడు రోజుల ముందు వచ్చేది ఆ పని పూర్తయిందో లేదో చూసుకోవడానికి. నవంబరు 22న కట్ అయ్యే ఫొటో యాప్‌కు అక్టోబరు 22, నవంబరు 19 తేదీలను క్యాలెండర్‌లో ప్రతి ఏటా వచ్చేలా పెట్టాలి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఆటోపేలో డబ్బు తీసే ముందు కనీసం 24 గంటల ముందుగా ఖాతాదారుకు సమాచారం రావాలి. అయితే ఆ సందేశం పదుల ఎస్‌ఎంఎస్‌ల మధ్య కలిసిపోతుంది, వచ్చాక మిగిలేదీ ఒక్క రోజే. దాన్ని చివరి హెచ్చరికగానే చూడాలి. అమెరికా వంటి దేశాల్లో జారీ అయిన కార్డులు వాడే తెలుగువారికి ఈ నిబంధన వర్తించదు కనుక సొంత రిమైండర్లే ఆధారం.

రిమైండర్లన్నింటికీ మూలం ఒక జాబితా. నోటు పుస్తకమైనా, ఫోన్‌లోని ఎక్సెల్ షీట్ అయినా సరే. ఒక్కో చందాకు ఒక వరుస: సేవ పేరు, సొమ్ము, డబ్బు కట్ అయ్యే తేదీ, నిర్ణయం తీసుకునే తేదీ, ఏ ఈమెయిల్, ఏ కార్డు లేదా యూపీఐ, ఎక్కడ రద్దు చేయాలి. పై రెండు చందాలు అందులో ఇలా ఉంటాయి:

| సేవ | సొమ్ము | కట్ అయ్యే తేదీ | నిర్ణయం | ఖాతా | రద్దు చేసే చోటు |
|---|---|---|---|---|---|
| ఇంగ్లిష్ యాప్ | రూ.1,499 | మార్చి 10 | మార్చి 8 | పాప జీమెయిల్, అమ్మ యూపీఐ | ప్లే స్టోర్ |
| ఫొటో యాప్ | రూ.999 | నవంబరు 22 | అక్టోబరు 22 | అమ్మ జీమెయిల్, డెబిట్ కార్డు | యాప్ వెబ్‌సైట్ |

మొదటిసారి జాబితా రాసేటప్పుడు గత 13 నెలల బ్యాంకు, కార్డు స్టేట్‌మెంట్లు చూడాలి. ఏడాదికోసారి పోయే సొమ్ము మూడు నెలల స్టేట్‌మెంట్‌లో దొరక్కపోవచ్చు. తర్వాత ఇంట్లో ప్రతి ఫోన్‌లోనూ స్టోర్ చందాల పేజీని, యూపీఐ ఆటోపే విభాగాన్ని తెరిచి సరిచూడాలి. కొత్త ట్రయల్‌ను ఒప్పుకున్న నిమిషంలోనే జాబితాకెక్కించాలి. జాబితాను తేదీల క్రమంలో ఉంచితే తర్వాత రాబోయేది ఎప్పుడూ పైనే కనిపిస్తుంది. కొనసాగించాలనుకున్న చందా రెన్యూ అయ్యాక ధర మారిందేమో చూసి, కొత్త సొమ్మును, వచ్చే ఏటి తేదీని రాయాలి.

రద్దు పూర్తయిందనడానికి గుర్తు ఖాయపరుస్తూ వచ్చే ఈమెయిల్, లేదా చందాల పేజీలో మారిన స్థితి. ‘నిజంగా వెళ్లిపోతారా’ అని అడిగే తెర దగ్గరే ఆగిపోతే పని సగమే అయినట్టు. చివరి తెరను స్క్రీన్‌షాట్ తీసి దాచుకుని, కట్ కావాల్సిన తేదీ దాటాక స్టేట్‌మెంట్ చూసి, అప్పుడే జాబితాలో ఆ వరుసను కొట్టేయాలి.

సొమ్ము ఇప్పటికే పోయినచోట ఆలస్యం చేయకూడదు. ప్లే స్టోర్ చెల్లింపు అయితే 48 గంటల లోపు గూగుల్‌నే రీఫండ్ అడగవచ్చు. ఆ తర్వాత యాప్ సంస్థకు రాయాలి. అయితే ట్రయల్ షరతులు ముందే స్పష్టంగా చూపించి ఉంటే, వాడలేదన్న కారణం ఒక్కటే చాలకపోవచ్చు. రద్దు చేసే దారిని దాచడం, కావాలని చిక్కుగా చేయడం మాత్రం వేరే సంగతి. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఇచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు దాన్ని చందా ఉచ్చుగా పేర్కొని నిషేధించాయి. అలాంటప్పుడు స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు.