చెల్పూరు బాయిలరా, హైదరాబాదు కంప్యూటరా?

జనగామలో మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తిచేసిన కుర్రాడి చేతిలో రెండు ఆఫర్లు ఉన్నాయనుకుందాం. ఒకటి భూపాలపల్లి దగ్గర చెల్పూరులో ఉన్న 1100 మెగావాట్ల కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రంలో, ఒక కాంట్రాక్టు సంస్థ తరఫున. రెండోది హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. జీతం రెండోదానిలోనే ఎక్కువ కాబట్టి ఇంట్లోవాళ్లంతా దానివైపే మొగ్గుతారు. ఆ కుర్రాడు మాత్రం జీతం సంగతి కాసేపు పక్కన పెట్టి, మూడేళ్ల తర్వాత ఆ ఉద్యోగం వదిలి వెళ్లిపోతే తనతోపాటు ఏం వస్తుందో లెక్క చూసుకోవాలి.

థర్మల్ కేంద్రంలో ఏం వస్తుందో చూద్దాం. బాయిలర్ ట్యూబుకు చిల్లు పడితే ముందు కంటికేమీ కనబడదు. రోజూ పట్టే నీటికంటే ఎక్కువ నీళ్లు పోయాల్సి వస్తుంది. ఆవిరి కలిసి వాయువు పెరగడంతో, దాన్ని బయటికి లాగే ఐడీ ఫ్యాను మీద భారం పెరుగుతుంది. ఒకచోట బుస్సుమనే శబ్దం వినిపిస్తుంది. ఈ మూడింటినీ కలిపి చదవగలిగినవాడు యూనిట్‌ను సకాలంలో ఆపిస్తాడు. ఆలస్యమైతే ఆ ఆవిరి ధారే పక్క ట్యూబులనూ కోసేస్తుంది. ఈ చదువు పుస్తకంలో దొరకదు, షిఫ్టుల్లోనే అబ్బుతుంది. పైగా పెద్ద బాయిలర్లకు బాయిలర్ ఆపరేషన్ ఇంజనీర్ ధ్రువపత్రం ఉన్న మనిషి ఉండాలని చట్టం చెబుతోంది. బాయిలర్ నడిపిన అనుభవం చూపించి, పరీక్ష నెగ్గితేనే ఆ పత్రం ఇస్తారు. అది చేతిలో ఉంటే విద్యుత్ కేంద్రంలోనే కాదు, పెద్ద బాయిలర్ ఉన్న ఏ ఫ్యాక్టరీలోనైనా విలువ ఉంటుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. కాంట్రాక్టు సంస్థ మిమ్మల్ని కూలీల హాజరు రాయడానికి, సామాను తెప్పించడానికి పెడితే, ప్లాంటులో మూడేళ్లున్నా బాయిలర్ నడిపిన అనుభవం లేనట్టే. అలాంటిదాన్ని కోర్ ఉద్యోగం అనుకుని జీవితం పెట్టుబడి పెట్టకండి. దానికంటే హైదరాబాదే మేలు.

అక్కడ కూడా యంత్రం తెలిసినవాడికి చోటుంది. మెకానికల్ ఇంజనీరైన బి.వి.ఆర్. మోహన్ రెడ్డి 1991లో హైదరాబాదులో మొదలుపెట్టిన ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్, నేటి సైయెంట్, ఇంజనీరింగ్ డిజైన్ సేవలతోనే ఎదిగింది. డిజైన్, విశ్లేషణ పనులు దొరికితే నాలుగేళ్ల చదువు వృథా పోదు. కేవలం టికెట్లు మూసే సపోర్టు పనైతే, రెండేళ్లలోపే కోడింగ్ వైపో డిజైన్ వైపో జరగాలి.

ఊరి దగ్గరే ఫ్యాక్టరీ వస్తుందని మాత్రం ఆగకండి. మహబూబాబాద్ జిల్లా బయ్యారంలో ఉక్కు కర్మాగారం మాట 2014 విభజన చట్టం నాటినుంచీ వింటున్నాం. ఆ చట్టం అడిగింది సాధ్యాసాధ్యాల పరిశీలన మాత్రమే. జెన్‌కో, సింగరేణి నోటిఫికేషన్లు కూడా ఏటా రావు. ఉద్యోగం చేస్తూనే వాటికి చదవాలి.

సంతకం పెట్టే ముందు ఆ కాంట్రాక్టు సంస్థను రెండే మాటలు అడగండి: “నాకు కంట్రోల్ రూమ్‌లో షిఫ్టు ఇస్తారా? బాయిలర్ నడిపినట్టు అనుభవ పత్రం ఇస్తారా?” రెండింటికీ అవునంటే, జీతం తక్కువైనా చెల్పూరు బస్సెక్కండి.