దారి తోచనప్పుడు – విలువల ఎరుక

ఇంటర్మీడియట్ చివరి పరీక్ష రాసి బయటికి వచ్చిన నాటి నుంచి విద్యార్థిని ఒకే ప్రశ్న వెంటాడుతుంది. "తరువాత ఏమిటి?" ఇంటికి వచ్చిన బంధువూ అదే అడుగుతాడు, బస్సులో పక్కన కూర్చున్న పెద్దమనిషీ అదే అడుగుతాడు. చెప్పడానికి జవాబు ఉండదు. దారులు లేక కాదు, దారులు ఎక్కువై. ఇంజనీరింగు, డిగ్రీ, పోటీ పరీక్షలు, ఏదో ఒక ఉద్యోగం, ఇంటి వ్యవసాయం ఇలా ప్రతి దారిలోనూ ఒక మంచీ ఒక చెడూ కనిపిస్తాయి. ఎంత ఆలోచించినా మనసు ఎటూ మొగ్గదు. రోజులు గడిచేకొద్దీ జీవితానికే దిక్కు లేనట్లు తోస్తుంది.

ఈ అయోమయానికి సమాచారం కొరవడటమే కారణమని సాధారణంగా అనుకుంటాము. అందుకే మరిన్ని వివరాలు సేకరిస్తాము, మరి నలుగురిని సలహా అడుగుతాము. దానితో గందరగోళం పెరుగుతుందే కాని తరగదు. బియ్యాన్ని గజాలతో కొలవలేము, బట్టను కిలోలతో తూచలేము. ఒక కోర్సులో జీతం ఎక్కువ, మరొక దానిలో ఇంటికి దగ్గర, ఇంకొక దానిలో ఇష్టమైన చదువు. ఈ మూడింటినీ ఒకే త్రాసులో పెట్టి తూచాలంటే తూకపురాయి ఒకటి కావాలి. ఆ రాయి పుస్తకాలలో దొరకదు. అది ఆ వ్యక్తి దేనిని ఎంత ముఖ్యమని భావిస్తున్నాడన్న దానిలో ఉంటుంది. దానినే విలువ అంటాము.

విలువను లక్ష్యంతో కలగాపులగం చేయరాదు. "వైద్యుడిని కావాలి" అన్నది లక్ష్యం. చేరితే అది ముగుస్తుంది, సీటు రాకపోతే కూలిపోతుంది. "బాధలో ఉన్నవారికి చేతనైనంత తోడ్పడుతూ బ్రతకాలి" అన్నది విలువ. తూర్పు దిక్కుగా నడిచేవాడు ఎన్ని ఊళ్ళు దాటినా "తూర్పు" అనే ఊరిని చేరుకోడు. అయినా ప్రతి అడుగూ తూర్పుకే పడుతుంది. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త స్టీవెన్ హేస్, ఆయన సహచరులు రూపొందించిన చికిత్సా విధానంలో ఈ భేదానికి పెద్ద స్థానం ఉంది. లక్ష్యం చేజారినా విలువ చేజారదనీ, దానిని అనుసరించే మరో మార్గం ఉంటుందనీ తెలిసినప్పుడు ఓటమి బరువు కొంత తగ్గుతుంది.

మన సంప్రదాయానికి ఈ ఆలోచన కొత్తది కాదు. కఠోపనిషత్తులో యముడు బాలుడైన నచికేతునికి సంపదలు, ఏనుగులు, గుర్రాలు, దీర్ఘాయువు ఇవ్వజూపుతాడు. ఆ బాలుడు వాటిని కాదని మరణ రహస్యాన్నే కోరుతాడు. ఆ సందర్భంలోనే ప్రేయస్సు, శ్రేయస్సు అనే రెండు మాటలు వస్తాయి. అప్పటికి ఇష్టమనిపించేది ప్రేయస్సు. నిజంగా మేలైనది శ్రేయస్సు. నచికేతుడు తటపటాయించకపోవడానికి కారణం అతని ముందు వరాలు తక్కువ ఉండటం కాదు. తనకేమి కావాలో అతనికి ముందే స్పష్టంగా తెలుసు.

అంత స్పష్టత అందరికీ సహజంగా ఉండదు. దానిని ప్రయత్నపూర్వకంగా తెచ్చుకునే పద్ధతిని లూయీ రాత్స్, మెరిల్ హార్మిన్, సిడ్నీ సైమన్ అనే అమెరికన్ విద్యావేత్తలు 1966లో వెలువరించిన ఒక గ్రంథంలో వివరించారు. వారి దృష్టిలో ఒక భావన విలువ అనిపించుకోవాలంటే దానిని ఎవరి బలవంతమూ లేకుండా, వేరే మార్గాలు కూడా ఉండగా, పర్యవసానాలు ఆలోచించి ఎన్నుకొని ఉండాలి. ఎన్నుకున్నందుకు సంతోషించాలి. నలుగురిలో చెప్పుకోవడానికి వెనుకాడరాదు. అన్నిటికన్నా ముఖ్యంగా, అది ఆచరణలో కనిపించాలి, ఒక్కసారి కాదు, పదే పదే. ఈ చివరి షరతు చాలా కఠినమైనది. మనము గొప్పగా చెప్పుకొనే మాటలలో సగం అక్కడే రాలిపోతాయి.

ఇక పద్ధతిని ఒక ఊహాత్మకమైన ఉదాహరణతో పరిశీలిద్దాము. ఒక చిన్న రైతు కుమార్తె బై.పి.సి. పూర్తి చేసింది. నీట్ పరీక్షలో వైద్య సీటుకు చాలినంత ర్యాంకు రాలేదు. ఆమె ముందు మూడు దారులున్నాయి. మరొక సంవత్సరం శిక్షణ తీసుకొని మళ్ళీ నీట్ రాయడం, నాలుగేళ్ళ బి.ఎస్‌సి. నర్సింగ్‌లో చేరడం, దగ్గరి పట్టణంలో డిగ్రీ చదవడం. నెల రోజులుగా ఆమె ఒక పూట ఒకటి, మరో పూట మరొకటి అనుకుంటున్నది.

ఆమె మొదట చేయవలసింది దారులను కాసేపు పక్కన పెట్టడం. గడచిన రెండేళ్ళలో తనకు మనసు నిండిన సందర్భాలు మూడు, కోపం వచ్చినవి మూడు, ఇతరులను చూసి అసూయ కలిగినవి మూడు కాగితం మీద రాసుకోవాలి. అసూయ ఎందుకని అడగవచ్చు. మనిషి తాను కోరుకోని దాని మీద అసూయపడడు, కాబట్టి అది నమ్మదగిన సాక్షి. నాయనమ్మ కాలి పుండుకు రెండు నెలలు తానే కట్టు మార్చినప్పుడు మనసు నిండిందని ఆమె రాసింది. పుస్తకాలకు కూడా నాన్న అప్పు చేయవలసి వచ్చినప్పుడు కోపం వచ్చిందనీ, స్వంత సంపాదనతో చెల్లెలిని చదివిస్తున్న స్నేహితురాలి అక్కను చూసి అసూయ కలిగిందనీ రాసింది.

ఈ తొమ్మిది సందర్భాల వెనుక ఏమున్నదో ఒక్కొక్క మాటలో చీటీల మీద రాయగా ఆమెకు ఐదు మాటలు మిగిలాయి. సేవ, స్వావలంబన, కుటుంబ సామీప్యం, జిజ్ఞాస, గౌరవం. ఐదూ మంచివే. అసలు చిక్కు అక్కడే ఉంది. మంచికీ చెడుకూ మధ్య ఎంపిక సులభం, మంచికీ మంచికీ మధ్య ఎంపిక కష్టం. అందుచేత చీటీలను రెండేసి చొప్పున ఎదురెదురుగా పెట్టి, "ఈ రెండింటిలో ఒకటే దక్కుతుందంటే దేనిని వదులుకోలేను?" అని ప్రశ్నించుకోవాలి. ఐదు చీటీలకు పది జతలు వస్తాయి. గెలిచిన చీటీ వెనుక ఒక గీత గీయాలి.

సేవకు నాలుగు గీతలు, స్వావలంబనకు మూడు వచ్చాయి. మిగిలిన మూడింటికీ ఒక్కొక్కటే వచ్చింది. పరిశీలించి చూస్తే, ఆమె జిజ్ఞాస కన్నా కుటుంబ సామీప్యం మిన్న అన్నది, గౌరవం కన్నా జిజ్ఞాస మిన్న అన్నది, కుటుంబ సామీప్యం కన్నా గౌరవం మిన్న అన్నది. ఇది గానుగెద్దు తిరుగుడు. ఇటువంటి వలయం ఏర్పడితే ఏదో ఒక మాట రెండు అర్థాలతో వాడబడుతున్నదని అనుమానించాలి. ఇక్కడ ఆ మాట "గౌరవం". జిజ్ఞాసతో పోల్చినప్పుడు ఆమె ఉద్దేశం నలుగురి మెప్పు. కుటుంబంతో పోల్చినప్పుడు ఆమె తలచుకున్నది ఊరిలో నాన్న తలెత్తుకొని తిరగడం. రెండవది నిజానికి కుటుంబం మీది మమకారమే. చీటీ మీద "నలుగురి మెప్పు" అని స్పష్టంగా రాసి మళ్ళీ పోల్చగానే అది అన్నిటికన్నా అడుగుకు పోయింది. కుటుంబ సామీప్యానికి రెండు గీతలు, జిజ్ఞాసకు ఒకటి మిగిలి, వరుస స్థిరపడింది.

వరుస కుదిరినంత మాత్రాన దానిని నమ్మరాదు. సాక్ష్యం చూడాలి. పై స్థానంలో ఉన్న విలువ కోసం ఇప్పటివరకు తన కాలాన్ని, శ్రమను, డబ్బును ఎప్పుడు వెచ్చించినదీ గుర్తుచేసుకోవాలి. ఈమె విషయంలో నాయనమ్మ కాలి కట్టు ఉంది. అటువంటి సాక్ష్యం ఒక్కటీ దొరకకపోతే ఆ మాట తనది కాకపోవచ్చు, ఉపాధ్యాయులు మెచ్చుకుంటారనో, తల్లిదండ్రులు ఆశిస్తారనో చేరిన ఎరువు మాట కావచ్చు. దానిని గుర్తుపట్టడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. "ఈ పని నేను చేసినట్లు ఎవరికీ ఎన్నటికీ తెలియదు. అయినా చేస్తానా?" అని అడిగి చూడాలి. ఎరువు తెచ్చుకున్న విలువలు ఈ ప్రశ్న ముందు సాధారణంగా నిలవవు.

అప్పుడు గాని దారుల వైపు తిరగరాదు. వైద్య విద్యలో సేవ ఉంది. కాని ఈసారి సీటు వచ్చినా చదువుకు నాలుగున్నరేళ్ళు, ఆపైన ఒక సంవత్సరం ఇంటర్న్‌షిప్, దానికి ముందు శిక్షణకు పోయే సంవత్సరం. స్వావలంబన చాలా దూరం జరుగుతుంది. నర్సింగ్‌లో సేవ రోగి పక్కనే ఉంది, నాలుగేళ్ళ తరువాత స్వంత సంపాదనకు అవకాశం ఉంది. డిగ్రీలో ఇంటికి దగ్గరగా ఉండవచ్చు గాని మొదటి రెండు విలువలకు నేరుగా దారి కనిపించదు. నెల రోజులు తేలని లెక్క ఒక సాయంత్రంలో తేలింది. వైద్యవిద్య వైపు అంతగా లాగినది ఏమిటో కూడా ఆమెకు తెలిసివచ్చింది. ఆ లాగుడులో పెద్ద భాగం అడుగుకు పోయిన చీటీదే.

"నర్సు పనా అమ్మా? నలుగురూ ఏమంటారు?" అన్నాడు తండ్రి.

"నలుగురి మాట నాకు ఐదోది నాన్నా. మీరు నాయనమ్మ దగ్గర నన్ను చూశారు కదా. వారానికొకసారి ఇంటికి వచ్చేంత దూరంలోనే కళాశాల చూసుకుంటాను" అన్నది ఆమె.

మూడవ స్థానంలో ఉన్న విలువను ఆమె పారవేయలేదని గమనించండి. దారిని అది నిర్ణయించలేదు, కాని ఆ దారిలో కళాశాల ఎంత దూరంలో ఉండాలో నిర్ణయించింది.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. కళాశాలకు గుర్తింపు ఉన్నదా, రుసుము ఎంత, అప్పు తీర్చగలమా అన్నవి విచారించి తెలుసుకోవలసిన విషయాలు, వాటిని చీటీలు చెప్పవు. రాత్స్ బృందం పద్ధతి మీద ఒక గట్టి విమర్శ కూడా ఉంది. ఏ విలువ మంచిదో అది చెప్పదు. ఇష్టపూర్వకంగా, ఆలోచించి, సంతోషంగా, పదే పదే ఇతరులను మోసగించేవాడు సైతం ఆ షరతులన్నీ నెరవేర్చగలడు. ఈ విమర్శ న్యాయమైనదే. ధర్మాధర్మాల విచారణ వేరుగా జరగాలి. చీటీలు ధర్మబద్ధమైన దారులలో ఏది తనదో తెలుసుకోవడానికే ఉపకరిస్తాయి. ఇక వారాల తరబడి నిద్ర, ఆకలి కరవై, దేనిమీదా ఆసక్తి లేక, ఏ చీటీ చూసినా ఒకే విధంగా శూన్యంగా తోస్తుంటే అది విలువల అయోమయం కాకపోవచ్చు. అది కుంగుబాటు లక్షణం కావచ్చు. అప్పుడు చీటీలను పక్కన పెట్టి వైద్యుని సంప్రదించాలి.

ఎన్నుకున్న తరువాత బాధ పూర్తిగా పోతుందనుకోవడమూ పొరపాటే. తెల్లకోటు వేసుకున్న వైద్య విద్యార్థిని ఎదురైనప్పుడు ఆమె మనసు చివుక్కుమనవచ్చు. వదులుకున్నది కూడా విలువైనదే కనుక ఆ బాధ సహజం. తప్పు దారి ఎంచుకున్నాననడానికి అది రుజువు కాదు. తప్పును సూచించే గుర్తు వేరు. మొదటి రెండు చీటీల కోసం ఏ పనీ చేయకుండానే నెలలు గడిచిపోవడం ఆ గుర్తు. అందుకే ఆమె ఐదు చీటీలనూ ఒక కవరులో పెట్టి, మీద తేదీ వేసి, మొదటి సంవత్సరం పరీక్షల తరువాత మళ్ళీ జతలు కట్టి చూడాలని దాచుకున్నది.

అభ్యాసం

1. లక్ష్యానికీ విలువకూ గల భేదాన్ని మీ స్వంత ఉదాహరణతో వివరించండి.
2. పాఠంలోని విద్యార్థినికి చివరి మూడు చీటీల మధ్య వలయం ఎందుకు ఏర్పడింది? అది ఎట్లా విడిపోయింది?
3. మీ ఐదు చీటీలు రాసి పది జతలు పోల్చండి. మొదటి స్థానంలో నిలిచిన దానికి గడచిన నెలలో మీరు చేసిన ఒక పనిని సాక్ష్యంగా చూపండి.