డెల్టా హీటర్‌కు స్టార్ లెక్క

సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌లో మెడికల్ డివైజెస్ పార్కు ఉంది. వైద్య పరికరాలకు వాడే పాలికార్బొనేట్ గింజల్ని అచ్చులో పోసే ముందు సుమారు 120 డిగ్రీల వేడిగాలిలో ఆరబెట్టాలి. తేమ మిగిలితే భాగం మీద వెండి చారలు పడతాయి. అలాంటి డ్రయ్యర్ హీటర్ ఒకదాన్ని ఉదాహరణగా తీసుకుని లెక్క కడదాం: 30 ఓమ్‌ల ఎలిమెంట్లు మూడు, డెల్టా కనెక్షన్, 415 వోల్టుల సప్లై.

ముందు ఒక ఎలిమెంట్‌ను చూడండి. డెల్టాలో అది రెండు లైన్ల మధ్య నేరుగా ఉంటుంది కాబట్టి దాని మీద పూర్తి 415 వోల్టులు పడతాయి. కరెంటు 415 ÷ 30, అంటే 13.8 ఆంపియర్లు. ఇది ఫేజ్ కరెంటు. ఒక్కో లైను రెండు ఎలిమెంట్లకు కరెంటు ఇస్తుంది. ఆ రెండు కరెంట్ల మధ్య ఫేజ్ తేడా ఉండడం వల్ల లైన్ కరెంటు రెట్టింపు కాదు, √3 రెట్లే అవుతుంది: 24 ఆంపియర్లు. కేబుల్, ఎంసీబీ ఎంచుకోవాల్సింది ఈ అంకె చూసే. మొత్తం పవర్ √3 × 415 × 24, దాదాపు 17.2 కిలోవాట్లు.

ఇప్పుడు అవే ఎలిమెంట్లను స్టార్‌గా మార్చండి. ఒక్కోదాని మీద 240 వోల్టులే. లైన్ కరెంటు, ఫేజ్ కరెంటు ఒకటే, 8 ఆంపియర్లు. పవర్ మూడో వంతుకు, 5.7 కిలోవాట్లకు పడిపోతుంది. తిరగేసి చూస్తే ప్రమాదం తెలుస్తుంది. 240 వోల్టుల ఎలిమెంట్లను డెల్టాలో కలిపితే ఒక్కోటి మూడింతల పవర్ తీసుకుని కాలిపోతుంది. లింకులు బిగించే ముందు ఎలిమెంట్ మీద ముద్రించిన వోల్టేజీ చదవాలి.

డెల్టా తీసుకున్న 24 ఆంపియర్లనే స్టార్ కూడా తీసుకోవాలంటే ఎలిమెంట్ 10 ఓమ్‌లు ఉండాలి. 240 ÷ 10, అదే 24. పవర్ కూడా అదే 17.2. సప్లై ఆపేసి, వైర్లు విప్పి టెర్మినళ్ల మధ్య మల్టీమీటర్ పెట్టినా రెండింటిలోనూ 20 ఓమ్‌లే చూపిస్తుంది: స్టార్‌లో 10, 10 సిరీస్‌లో, డెల్టాలో 30కి 60 ప్యారలల్‌లో. బయటి నుంచి ఏది ఏదో చెప్పడం అసాధ్యం. లింకులు విప్పి చూడాల్సిందే.

ఎలిమెంట్ పోయినప్పుడు మాత్రం తేడా బయటపడుతుంది. డెల్టాలో ఒకటి ఓపెన్ అయితే మిగతా రెండూ పూర్తి వోల్టేజీతోనే నడుస్తాయి. పవర్ 11.5 కిలోవాట్లకు తగ్గుతుంది. క్లాంప్ మీటర్ రెండు లైన్లలో 13.8, మూడో దాంట్లో 24 చూపిస్తుంది. ఆ తక్కువ చూపిన రెండు లైన్ల మధ్య ఉన్న ఎలిమెంటే పోయింది. న్యూట్రల్ లేని 10 ఓమ్‌ల స్టార్‌లో అయితే ఒక లైను సున్నా, మిగతా రెండింటిలో సుమారు 21 ఆంపియర్లు, పవర్ సగం. డెల్టాలో ఏ లైనూ సున్నా కాదు, గాలీ వేడిగానే వస్తుంది. అందుకే ఈ లోపం చాలాసార్లు భాగాల మీద చారలు పడ్డాకే పట్టుబడుతుంది. షిఫ్టు మొదట్లో మూడు లైన్లనూ క్లాంప్ చేసి చూస్తే అప్పుడే తెలిసిపోతుంది.