ఆర్‌.ఆర్‌.కు ముందు ఒక పూట: స్పాటింగ్‌లో ఏం తేల్చుకోవాలి?

సినిమా సంగీత విభాగంలో పని వెతుక్కునేవాళ్లు కీబోర్డు, సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటారు. ఎడిటింగ్ గదిలో చేరాలనుకునేవాళ్లు కట్టింగ్ నేర్చుకుంటారు. వీళ్లిద్దరూ కలిసి కూర్చోవలసిన స్పాటింగ్ సెషన్ గురించి మాత్రం ఎవరూ పెద్దగా చెప్పరు. మనం ఆర్‌.ఆర్‌. అనుకునే రీరికార్డింగ్ మొదలయ్యే ముందు దర్శకుడు, సంగీత దర్శకుడు, ఎడిటర్ సినిమాను రీలు రీలుగా చూస్తారు. సంగీతం ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ ఆగాలి, అసలెందుకు కావాలి అన్నది అక్కడే తేల్చుకుంటారు. అదంతా రాసుకునే బాధ్యత చాలాసార్లు సహాయకుల మీదే పడుతుంది.

ఎడిట్ లాక్ అయ్యాకే కూర్చోవడం మేలు. ఆ తర్వాత రెండు సెకన్లు తీసేసినా, అప్పటికే కట్టిన బాణీ అక్కడి నుంచి బొమ్మకు అతకదు.

ఒక సన్నివేశం ఊహించుకుందాం. కొడుకు ఉద్యోగం పోయింది, ఇంట్లో చెప్పలేదు. అమ్మ చొక్కా ఉతకబోతూ జేబులో ఆ ఉత్తరం చూస్తుంది. కుళాయి కట్టేస్తుంది. కొడుకు వచ్చి, "ఆఫీసుకి లేటవుతోందమ్మా" అంటాడు. ఆమె ఏమీ అడగకుండా క్యారేజీ చేతికిస్తుంది. అతను వెళ్లిపోతాడు.

చాలామంది చేయి ఉత్తరం కనపడగానే వయొలిన్ వైపు వెళుతుంది. కానీ అక్కడ ప్రేక్షకుడికి సంగతి తెలిసిపోయింది. వయొలిన్ అదే మాట మళ్లీ చెబుతుంది. అక్కడ కుళాయి చప్పుడు చాలు, అది ఆగిపోవడం ఇంకా బాగుంటుంది. కొడుకు అబద్ధమాడేటప్పుడు కూడా సంగీతం వద్దు. అమ్మ అడుగుతుందా లేదా అన్న ఉత్కంఠ ఆ నిశ్శబ్దం మీదే నిలబడుతుంది. అతను గుమ్మం దాటాక, కట్ అమ్మ ముఖం మీదికి వచ్చినప్పుడు మొదలుపెట్టవచ్చు. ఆమె ఎందుకు అడగలేదన్నది ఎవరూ పైకి చెప్పని విషయం, సంగీతానికి అక్కడ పని ఉంది.

ఎక్కడ ఆపాలన్నది ఇంకా కష్టం. తర్వాతి షాట్ బస్టాండు అనుకోండి. ఇంటి దృశ్యంతోపాటే సంగీతాన్ని తెంచేస్తే ప్రేక్షకుడు కుదుపు గమనిస్తాడు. బస్టాండులోకి కొన్ని సెకన్లు సాగనిచ్చి, బస్సు హారన్ కింద వదిలేస్తే అది ఎప్పుడు ఆగిందో తెలియదు.

దీన్ని స్పాటింగ్ నోట్సులో ఇలా రాస్తారు:

```
2M3
IN   02:08:31:00
OUT  02:09:12:00
```

రెండో రీలులో మూడో సంగీత ఖండం, నిడివి 41 సెకన్లు. టైమ్‌కోడ్‌లో చివరి రెండంకెలు ఫ్రేములు. వీటి పక్కన కారణం కూడా ఒక వాక్యంలో రాయండి: "అమ్మ తెలిసీ అడగలేదు, జాలి వద్దు, ఆమె నిబ్బరం వినపడాలి." నెల తర్వాత దర్శకుడు "ఇక్కడ ఏమనుకున్నాం?" అంటే అక్కరకొచ్చేది ఆ వాక్యమే. "ఇక్కడ డి మైనర్ వేయండి" అని సంగీత దర్శకుడికి చెప్పాల్సిన పనిలేదు. పాత్ర మనసులో ఏముందో చెబితే స్వరాలు ఆయన చూసుకుంటారు.

ఇక టెంప్ ట్రాక్. ఎడిటింగ్ సమయంలో వేరే సినిమాల నుంచి తాత్కాలికంగా తెచ్చి పెట్టుకునే సంగీతం ఇది. వేగం, బరువు, మొదలయ్యే చోటు చూపించడానికి దీన్ని మించింది లేదు. చిక్కల్లా వారాల తరబడి విన్నాక దర్శకుడి చెవికి అదే అసలు సంగీతమైపోవడం. స్టాన్లీ క్యూబ్రిక్ '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' (1968) కోసం అలెక్స్ నార్త్ చేత సంగీతం రాయించి, రికార్డు కూడా చేయించి, చివరికి తాను వాడుకుంటూ వచ్చిన శాస్త్రీయ సంగీతాన్నే ఉంచేశాడు. ఆ సినిమాకు అది గొప్పగా కుదిరింది. హక్కులు కొనే స్తోమత, అంత పట్టుదల లేని మనకు ఆ దారి మిగిల్చేది కాపీ అన్న నిందే.

అందుకే మొదటిసారి సన్నివేశాన్ని టెంప్ లేకుండా చూపించండి, తర్వాతే వినిపించండి. వినిపించాక "ఇలాంటిదే కావాలి" అనకుండా, అందులో ఏది నచ్చిందో విడదీసి చెప్పించండి: వేగమా, వాయిద్యమా, మధ్యలో వచ్చే ఖాళీయా? అమ్మ సన్నివేశంలో నచ్చింది ఆ ఖాళీయే అయితే, వాయిద్యం ఏదైనా ఫరవాలేదని అక్కడే తేలిపోతుంది. సంగీత దర్శకుడికి పంపే వీడియోలో మాటలు ఎడమ ఛానెల్‌లో, టెంప్ కుడి ఛానెల్‌లో పెడితే ఆయన కావాలన్నప్పుడు దాన్ని కట్టేసుకోవచ్చు.

కట్టింగే టెంప్ తాళానికి చేసి ఉంటే మాత్రం ఇవేవీ సరిపోవు. ప్రతి కట్ దరువు మీదే పడుతుంటే కొత్త బాణీకి ఊపిరాడదు. టెంప్ మ్యూట్ చేసి చూడండి. సన్నివేశం కుంటుతున్నట్టనిపిస్తే లోపం ఎడిట్‌లో ఉంది, లాక్ చేసే ముందే సరిచేసుకోవాలి.

పని అడగడానికి వెళ్లేటప్పుడు బాణీలతోపాటు, ఏదైనా లఘుచిత్రానికి మీరు రాసిన స్పాటింగ్ నోట్సు కూడా పట్టుకెళ్లండి. సంగీతం వద్దనుకున్న చోట్లు, వాటి కారణాలు అందులో తప్పకుండా ఉండాలి.