వరద దిగిన నూతిలో బ్లీచింగ్ ఎంత వేయాలి?

ప్రశ్న: గోదావరి వరదకు మా లంక ఊళ్లో నుయ్యి మునిగింది. బ్లీచింగ్ పౌడర్ ఎంత వేయాలండీ?
– ఒక పాఠకుడు, కోనసీమ

జవాబు: ముందు మోటారుతో బురద నీరు తోడేయండి. బురద ఉంటే క్లోరిన్‌ను అదే మింగేస్తుంది. ఊరిన నీరు తేరాక కొలవండి. నూతి వ్యాసాన్ని వ్యాసంతో హెచ్చించి, నీటి లోతుతోనూ, 3.14తోనూ హెచ్చించి, 4తో భాగించండి. అన్నీ మీటర్లలో ఉంటే ఘనపు మీటర్లు వస్తాయి. ఒక్కో ఘనపు మీటరు వెయ్యి లీటర్లు.

మీ నుయ్యి 2 మీటర్ల వెడల్పు, నీరు 3 మీటర్ల లోతు అనుకుందాం. 9.42 ఘనపు మీటర్లు, అంటే 9,420 లీటర్లు. తేట నీటికి వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల చొప్పున సుమారు 24 గ్రాములు కావాలి. వరద నీరు చేరిన నూతికి రెట్టింపు, 48 గ్రాములతో మొదలుపెట్టండి. ఈ లెక్క 33 శాతం క్లోరిన్ ఉన్న తాజా పొడికే. తెరిచి ఉంచిన సంచిలోది ఘాటు తగ్గితే ఈ మోతాదు చాలదు.

పొడిని నేరుగా చల్లకండి. ప్లాస్టిక్ బకెట్‌లో కొద్ది నీటితో ముద్దగా కలిపి, ముప్పావు వంతు నీరు పోసి, పది నిమిషాలు తేరనివ్వండి. పైతేటను మరో బకెట్‌లోకి వంచి, అడుగు సున్నం పారేయండి. తేట బకెట్‌ను నీటి అడుగుదాకా దించి పైకీ కిందకీ ఆడించండి.

గంట తర్వాత క్లోరోస్కోప్‌తో చూస్తే లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. తక్కువుంటే మళ్లీ వేయండి.