మాట ఓనర్‌ది, రాత ఇంకొకరిది

ప్రశ్న: మా నాన్నగారు కదిరిలో చాలా ఏళ్లుగా నూనె మిల్లు నడుపుతున్నారు. అనుభవాలన్నీ పుస్తకంగా రావాలని ఆయన కోరిక. గంటల తరబడి మాట్లాడగలరు కానీ పెన్ను పట్టుకుంటే రెండు వాక్యాలు కూడా సాగవు. డబ్బిచ్చి వేరొకరితో రాయించుకోవచ్చా? ఆ పని ఎలా జరుగుతుంది?

జవాబు: రాయించుకోవచ్చు. మన దేశంలో చాలామంది చదివిన ఒక ఆత్మకథ అలా వచ్చిందే. మౌలానా అబుల్ కలాం ఆజాద్ ‘ఇండియా విన్స్ ఫ్రీడమ్’ పుస్తకాన్ని తన చేత్తో రాయలేదు. సాయంత్రాలు గంటో, ఇంకాస్త ఎక్కువసేపో కూర్చుని ఉర్దూలో చెబుతుంటే హుమాయూన్ కబీర్ నోట్సు రాసుకునేవారు. రెండేళ్ల పాటు ఇలా సాగింది. ఒక అధ్యాయానికి సరిపడా సరుకు చేరాక కబీర్ ఇంగ్లిషులో ముసాయిదా తయారుచేసేవారు. ఆజాద్ దాన్ని స్వయంగా చదివాక ఇద్దరూ కలిసి కూర్చుని కొన్ని చేర్చేవారు, కొన్ని మార్చేవారు, కొన్ని కొట్టేసేవారు.

మిల్లు ఓనర్ పుస్తకానికైనా వరస ఇదే. రెండు వందల పేజీల పుస్తకానికి ఇరవై, ముప్పై గంటల మాటలైనా కావాలి. గంట రికార్డింగును కాగితం మీదికి ఎక్కించడానికి నాలుగైదు గంటలు పడుతుంది కాబట్టి పని నెలల్లో తేలుతుందే తప్ప వారాల్లో తేలదు. వారానికి ఒకటి రెండు సార్లు, ఒక్కోసారి గంటన్నరకు మించకుండా కూర్చుంటే మంచిది. అంతకు మించితే చెప్పేవారు అలిసిపోయి, చెప్పిందే చెబుతారు.

ప్రశ్నలు వేసే తీరులోనే సగం పుస్తకం ఉంది. “మీ విజయ రహస్యం ఏమిటి?” అని అడిగితే సన్మాన సభలో వినిపించే జవాబే వస్తుంది. “మొదటి లారీ కాయలు దిగిన రోజు కాటా దగ్గర ఎవరున్నారు? డబ్బు ఎక్కడి నుంచి తెచ్చారు? అది చాలిందా?” అని అడిగితే కథ వస్తుంది. ఓనర్‌ను ఆఫీసు గదిలో కాకుండా గానుగల పక్కన, గోడౌనులో నడిపిస్తూ అడిగితే మరచిపోయినవి కూడా గుర్తుకొస్తాయి. పాత లెడ్జర్లు, బ్యాంకు కాగితాలు, లైసెన్సులు ముందే తీసి పెట్టుకోవాలి. ఏ కరువు ఏ ఏడాది వచ్చిందో, ఏ అప్పు ఎప్పుడు తీరిందో జ్ఞాపకాల్లో కలగాపులగం అవుతుంది. గుమాస్తానూ, ఇంట్లో వాళ్లనూ విడిగా అడిగితే తేడాలు బయటపడతాయి.

కొందరు ఓనర్లు కుదురుగా కూర్చోరు. 1987లో వచ్చిన ‘ది ఆర్ట్ ఆఫ్ ది డీల్’ కోసం డొనాల్డ్ ట్రంప్‌ను ఇంటర్వ్యూ చేయబోతే ఆయన నిమిషాల్లోనే విసిగిపోయేవారని ఆ పుస్తకం రాసిన టోనీ ష్వార్జ్ తర్వాత చెప్పారు. చివరికి ట్రంప్ ఆఫీసులో కూర్చుని, ఆయన అనుమతితోనే ఫోన్ సంభాషణలు వింటూ పుస్తకానికి కావలసింది పోగు చేసుకున్నారు. మిల్లు ఓనర్ కూడా అలాంటి మనిషైతే, బేరాలు జరిగే రోజు పక్కన కూర్చుని వినడమే దారి. బేరానికి వచ్చినవాళ్లకు ఆ సంగతి ముందే చెప్పడం మర్యాద.

ప్రశ్న: ఒక లెక్చరర్ గారితో మొదటి అధ్యాయం రాయించాం. భాష చాలా బాగుంది. కానీ చదివితే అది మా నాన్నలా లేదు. తప్పెక్కడ జరిగింది?

జవాబు: ఆ లెక్చరర్ గారు విన్న మాటను ‘సరిచేసి’ ఉంటారు. ఇలాంటి పుస్తకాలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. కదిరి మిల్లు ఓనర్ ఒకరు రికార్డరు ముందు ఇలా అన్నారనుకుందాం: “మా నాయనకి మీటర్లూ గీటర్లూ ఏం తెలుసప్పా. చెనిక్కాయ పగలగొట్టి పప్పు నోట్లో ఏసుకుంటే చాలు, తేమ ఎంతుందో చెప్పేస్తాండె.” ముసాయిదాలో ఇది “వేరుశనగ నాణ్యత విషయంలో నా తండ్రికి అపారమైన అవగాహన ఉండేది” అని మారితే పప్పు పోయింది, నోరు పోయింది, నాయన కూడా పోయాడు. మిగిలిన అవగాహన ఏ ఊరి వ్యాపారికైనా అంటగట్టుకోవచ్చు.

అలాగని రికార్డింగును ఉన్నదున్నట్టు అచ్చువేస్తే మూడు వందల పేజీలు ఎవరూ చదవరు. నోటి మాటలో వినసొంపుగా ఉండే సాగదీతలు కాగితం మీద బరువవుతాయి. “మా నాయన దగ్గర మీటర్లేమీ లేవు. చెనిక్కాయ పగలగొట్టి పప్పు నోట్లో వేసుకునేవాడు. తేమ ఎంతుందో చెప్పేసేవాడు” అని రాస్తే క్రియలు మామూలు రాతలోకి వచ్చాయి, చెనిక్కాయ చెనిక్కాయగానే నిలిచింది, చిన్న వాక్యాల నడక ఆ మనిషిదే. సంభాషణలు వచ్చిన చోట మాత్రం సీమ యాసను పూర్తిగా ఉంచేయాలి.

మంచి రచయిత మొదటి అధ్యాయానికి ముందే ఒక పట్టిక తయారుచేసుకుంటారు. ఓనర్ తరచూ వాడే మాటలు, సామెతలు, అసలు వాడని మాటలు, కోపం వస్తే వాక్యం ఎలా తెగుతుంది, నష్టం గురించి చెప్పేటప్పుడు నవ్వుతారా, మాట మారుస్తారా అన్నవన్నీ అందులో ఉంటాయి. తర్వాత పరీక్ష సులువే. అధ్యాయాన్ని ఆయన భార్యకో, పాత గుమాస్తాకో బిగ్గరగా చదివి వినిపించాలి. “ఆయన ఇట్ల మాట్లాడడు” అన్న ప్రతి చోటా గీత పెట్టి, రికార్డింగు మళ్లీ వినాలి. ఆ పరీక్ష నెగ్గేదాకా రెండో అధ్యాయానికి వెళ్లకూడదు.

ప్రశ్న: హిందూపురంలో ఒక పారిశ్రామికవేత్త పుస్తకం రాసే పని నాకు వచ్చింది. అట్ట మీద నా పేరు అడగవచ్చా? హక్కులు ఎవరివి?

జవాబు: అడగవచ్చు, అయితే పని మొదలుకాకముందే అడగాలి. పద్ధతులు రకరకాలు. 1999లో హైదరాబాదులోని యూనివర్సిటీస్ ప్రెస్ వేసిన ‘వింగ్స్ ఆఫ్ ఫైర్’ మీద అబ్దుల్ కలాంతో పాటు అరుణ్ తివారీ పేరూ ఉంది. అమూల్ కురియన్ ఆత్మకథ మీద, ఆయన చెప్పగా గౌరీ సాల్వీ రాసినట్టు ఉంటుంది. ఆండ్రే అగస్సీ ‘ఓపెన్’ రాసిన జె.ఆర్. మోరింగర్ తన పేరు అట్ట మీద వద్దన్నారు. అగస్సీ లోపల కృతజ్ఞతలు చెప్పారు.

పేరూ డబ్బూ ఒకదాని వెంట ఒకటి రావాలని లేదు. లీ ఐయకోకా పుస్తకం అట్ట మీద విలియం నోవాక్ పేరు పడింది కానీ ఆయన తీసుకున్నది ముందుగా మాట్లాడుకున్న మొత్తమే. పుస్తకం లక్షల్లో అమ్ముడైనా రాయల్టీలో వాటా లేదు. ష్వార్జ్‌కు మాత్రం అట్ట మీద పేరుతో పాటు రాయల్టీలో సగం దక్కింది. కాబట్టి రెంటినీ విడివిడిగా మాట్లాడుకోవాలి.

హక్కుల సంగతికి వస్తే ఆజాద్ పుస్తకమే మళ్లీ పాఠం. ముప్పై పేజీలు అప్పట్లో అచ్చువేయకుండా సీలు వేసి దాచారు. అవి బయటికి వచ్చే సమయానికి ఆజాద్, కబీర్ ఇద్దరూ లేరు. ఆజాద్ బంధువు నజ్మా హెప్తుల్లా కోర్టుకు వెళ్లారు. విషయం ఆజాద్‌ది, భాష కబీర్‌ది, ఇద్దరి మేధా కలిసింది కాబట్టి ప్రాథమికంగా ఇద్దరూ ఉమ్మడి రచయితలేనని ఢిల్లీ హైకోర్టు అభిప్రాయపడింది. కాగితం లేకపోతే హిందూపురం పుస్తకానికీ ఇదే చిక్కు రావచ్చు.

1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కులు బదిలీ కావాలంటే రాతపూర్వకంగా ఉండి, ఇచ్చేవారి సంతకం ఉండాలి. ఎన్నేళ్లకో రాయకపోతే అయిదేళ్లే అవుతుంది. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే పరిమితం. “హక్కులన్నీ ఓనర్‌వి” అన్న ఒక్క ముక్క చాలనుకునేవారు ఈ రెండింటి దగ్గరే ఇరుక్కుంటారు. హక్కులు అమ్మేసినా రచయితనని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ కింద మిగులుతుంది. అందుకే గోప్యత కావాలనుకునే ఓనర్ దాన్ని వేరే షరతుగా రాయించుకుంటారు. రచయిత ఆ పుస్తకాన్ని తన పనిగా కొత్త పార్టీలకు చూపించుకోవచ్చా లేదా అన్నదీ అక్కడే తేలాలి.

డబ్బును సంతకం రోజున కొంత, మొదటి అధ్యాయం ఓకే అయ్యాక కొంత, పూర్తి ముసాయిదాకు కొంత, చివరి సవరణలయ్యాక మిగతాది అని విడగొట్టుకోవాలి. ఎన్ని విడతల సవరణలో కూడా రాయాలి. లేకపోతే ఓనర్ బంధువులు తలా ఒక మార్పు చెబుతూనే ఉంటారు. మధ్యలో పని ఆగితే రికార్డింగులు ఎవరి దగ్గర ఉండాలి, అప్పటిదాకా రాసిన పేజీలను వేరొకరు వాడుకోవచ్చా అన్నవి కూడా ఆ ఒప్పందంలోనే చేర్చాలి.